పబ్లిక్ వైఫైలో అసలు డేంజర్ లాగిన్ పేజీ దగ్గరే ఉంది: హెచ్‌టీటీపీఎస్, వీపీఎన్ ఎక్కడిదాకా కాపాడతాయి, ఎక్కడ కాపాడవు

2024 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో ఒక డొమెస్టిక్ ఫ్లైట్‌లో స్టాఫ్‌కి డౌట్ వచ్చింది, రోజూ కనపడే వైఫై కాకుండా ఇంకేదో తేడా నెట్‌వర్క్ కనపడుతోందని. కంపెనీ వాళ్లు పోలీసులకి చెప్పారు, ఫెడరల్ పోలీసులు పెర్త్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక ప్యాసింజర్ హ్యాండ్ లగేజ్ వెతికితే అందులో దొరికింది ఒక చిన్న పోర్టబుల్ వైఫై డివైస్, ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్, అంతే. పోలీసులు చెప్పిన దాని ప్రకారం ఆయన చేసిన పని చాలా సింపుల్: అసలు వైఫైలా కనపడేలా ఇంకో వైఫై పెట్టడం, దానికి కనెక్ట్ అయినోళ్లకి ఒక లాగిన్ పేజీ చూపించడం, అక్కడ ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా అకౌంట్‌తోనో సైనిన్ అవ్వమనడం. జనం టైప్ చేశారు, టైప్ చేసింది ఆయన డివైస్‌లో సేవ్ అయిపోయింది.

ఇందులో హ్యాకింగ్ అని మనం ఊహించుకునేది ఏమైనా ఉందా చూడండి. ఎన్‌క్రిప్షన్ ఎవరూ పగలగొట్టలేదు, ఫోన్‌లోకి ఎవరూ దూరలేదు. వైఫై కావాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి కదా అనుకుని మనవాళ్లే చేతులారా ఇచ్చేశారు. అందుకే ఈ పోస్టులో పబ్లిక్ వైఫై గురించి అన్నీ చెప్పకుండా, కనెక్ట్ నొక్కిన దగ్గర్నుంచి, మీ ట్రాఫిక్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ ఆన్ అయ్యేదాకా ఉండే ఆ రెండు మూడు నిమిషాల మీదే ఎక్కువ టైం పెడతాను, ఎందుకంటే ఆ గ్యాప్‌లో వీపీఎన్ ఇంకా లేదు, బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య వెళ్లేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ ఉన్నా మీరు టైప్ చేసేదాన్ని అది ఆపలేదు.

ముందు పాత భయం సంగతి తేల్చేద్దాం

"కేఫ్ వైఫైలో కూర్చుంటే పక్కోడు మీ పాస్‌వర్డ్ చూసేస్తాడు" అనే మాట ఊరికే పుట్టలేదు. 2010 అక్టోబర్‌లో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఓపెన్ వైఫైలో కూర్చుని దాన్ని ఆన్ చేస్తే చుట్టుపక్కల ఎవరెవరు ఫేస్‌బుక్ లాంటి సైట్లలో లాగిన్ అయి ఉన్నారో పక్కన లిస్టులా వచ్చేది, పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే వాళ్ల అకౌంట్‌లోకి వెళ్లిపోయేవాళ్లు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీకి మాత్రమే హెచ్‌టీటీపీఎస్ పెట్టి ఆ తర్వాత మామూలు హెచ్‌టీటీపీకి వదిలేసేవి, దాంతో మీరు లాగిన్ అయి ఉన్నారని చెప్పే కుకీ గాల్లో అందరికీ కనపడేలా తిరిగేది. ఫైర్‌షీప్ పట్టుకుంది పాస్‌వర్డ్‌ని కాదు, ఆ కుకీని.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ, హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన, ఇది ఫలానా డొమైనే అని రుజువు చూపించే సర్టిఫికెట్లని ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న సైట్లు కూడా హెచ్‌టీటీపీఎస్‌కి వచ్చేశాయి. మీ బ్రౌజర్‌కీ ఆ సైట్ సర్వర్‌కీ మధ్య మొత్తం కవర్‌లో పెట్టి సీల్ వేసినట్టే, మధ్యలో ఉన్న వైఫై ఓనర్‌కి కవర్ మీద అడ్రస్ కనపడుతుంది, లోపల ఉత్తరం కనపడదు. అంటే మీరు ఏ సైట్‌కి వెళ్లారు, ఎంతసేపున్నారు, ఎంత డేటా వెళ్లింది అనేది తెలుస్తుంది గానీ ఆ సైట్‌లో ఏ పేజీ చూశారు, ఏం టైప్ చేశారు అనేది తెలియదు. సైట్ పేరు ఎలా తెలుస్తుందంటే రెండు దారులు, ఒకటి ఈ సైట్ పేరుకి ఐపీ అడ్రస్ ఏది అని అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్న మామూలుగా ఓపెన్‌గానే వెళ్తుంది, రెండోది హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు పంపే మొదటి మెసేజ్‌లో సైట్ పేరు ఇంకా చాలాచోట్ల ఓపెన్‌గానే ఉంటుంది.

ఇంకో మాట, వైఫైకి పాస్‌వర్డ్ ఉంటే సేఫ్ అనుకుంటారు చాలామంది. రిసెప్షన్‌లో బోర్డు మీద రాసి ఉన్న పాస్‌వర్డ్ అందరికీ తెలిసినప్పుడు అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఇంకో వైఫై ఎవరైనా పెట్టుకోవచ్చు, మీ ఫోన్ తేడా కనిపెట్టలేదు. పైగా డబ్ల్యూపీఏ2 అనే వైఫై సెక్యూరిటీ పద్ధతిలో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు మీరు కనెక్ట్ అయ్యే క్షణాన్ని రికార్డ్ చేసుకోగలిగితే మీ వైఫై ట్రాఫిక్‌ని విప్పి చూడగలడు. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఈ రెండో చిక్కు తీరింది గానీ ఫేక్ వైఫై చిక్కు తీరలేదు. కాబట్టి వైఫై పేరు పక్కన తాళం గుర్తు చూసి నమ్మకం పెంచుకోవద్దు, ప్రతి వైఫైనీ ఎవడో తెలియనివాడు పెట్టిందే అనుకుని మొదలుపెడితే మిగతా లెక్కంతా తేలికవుతుంది. ఏది అసలు ఏది నకిలీ అని పేరు చూసి కనిపెట్టే పని మన వల్ల కాదు, ఆ పని అసలు అవసరం లేకుండా చేసుకోవడమే తెలివి.

ఇంట్లోనే చేసుకోవాల్సినవి

ఎయిర్‌పోర్ట్‌లో నిలబడి సెట్టింగ్స్ వెతుక్కోవడం నరకం, అందుకే బయల్దేరే ముందు రోజు ఒక పావుగంట పెట్టుకోండి.

బ్రౌజర్‌లో మామూలు హెచ్‌టీటీపీ పేజీ వస్తే ముందే అడిగేలా పెట్టుకోవాలి. క్రోమ్‌లో దీని పేరు Always use secure connections, ఫైర్‌ఫాక్స్‌లో HTTPS-Only Mode. దీని ఉపయోగం ఏంటంటే, 2009లోనే ఎస్‌ఎస్‌ఎల్‌స్ట్రిప్ అని ఒక టూల్ వచ్చింది, మధ్యలో ఉన్నవాడు మీకు హెచ్‌టీటీపీఎస్ అసలు మొదలవ్వకుండానే అడ్డుపడి మామూలు పేజీ చూపించేవాడు. దానికి మందుగా హెచ్‌ఎస్‌టీఎస్ అని వచ్చింది, అంటే సైటే బ్రౌజర్‌కి "నా దగ్గరికి ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌లోనే రా" అని చెప్పి పెడుతుంది, బ్రౌజర్ అది గుర్తుపెట్టుకుంటుంది. పెద్ద సైట్లు చాలా వరకు ఇది పెట్టాయి, పెట్టని చిన్న సైట్ల కోసమే ఈ సెట్టింగ్.

వీపీఎన్ వాడేవాళ్లైతే యాప్ ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ అయి, ఒకసారి కనెక్ట్ చేసి చూసుకోండి. వైఫైలోకి వెళ్లాక ఇన్‌స్టాల్ చేద్దాం అనుకుంటే కొన్ని నెట్‌వర్క్‌లు వీపీఎన్ సైట్లనే బ్లాక్ చేస్తాయి. అలాగే యాప్‌లో ప్రోటోకాల్ మార్చే ఆప్షన్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, బ్రౌజర్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ ఇంట్లోనే అయిపోవాలి. ఎందుకో కింద లాగిన్ పేజీ దగ్గర చెప్తాను.

కనెక్ట్ నొక్కాక లోపల ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మీ ఫోన్ ఏదైనా వైఫైకి కనెక్ట్ అవ్వగానే మీకు తెలియకుండా ఒక చిన్న టెస్ట్ చేస్తుంది. ఆండ్రాయిడ్ అయితే connectivitycheck.gstatic.com కి వెళ్లి 204 అనే ఖాళీ జవాబు వస్తుందా అని చూస్తుంది, ఐఫోన్ captive.apple.com కి వెళ్లి Success అనే ముక్క వస్తుందా అని చూస్తుంది, విండోస్ www.msftconnecttest.com కి వెళ్తుంది. కావాలనే ఈ టెస్ట్‌లో మామూలు హెచ్‌టీటీపీ వాడతారు. అనుకున్న జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు. దాని బదులు "అటు కాదు, ఇటు రా" అని వేరే అడ్రస్‌కి మళ్లిస్తే మధ్యలో లాగిన్ పేజీ ఉందని ఫోన్‌కి అర్థమై ఆ చిన్న విండో తెరుస్తుంది.

ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ గానీ, విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ గానీ తెరిచి మీరే చూడొచ్చు:

```
curl -i http://connectivitycheck.gstatic.com/generate_204
```

మొదటి లైన్‌లో `204 No Content` అని వస్తే దారి క్లియర్. `302 Found` అని వచ్చి కింద `Location:` పక్కన ఏదో తెలియని అడ్రస్ ఉంటే అదే లాగిన్ పేజీ. కొన్ని రౌటర్లు 302 ఇవ్వకుండా 200 అని చెప్పి పేజీనే నేరుగా ఇచ్చేస్తాయి, అదీ అదే అర్థం.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే రౌటర్ ఇలా మళ్లించగలిగేది హెచ్‌టీటీపీని మాత్రమే. మీరు లాగిన్ అవ్వకుండా నేరుగా ఏ హెచ్‌టీటీపీఎస్ సైట్‌కో వెళ్తే రౌటర్ మధ్యలో దూరి "నేనే ఆ సైట్‌ని" అని చెప్పుకోలేదు, దాని దగ్గర ఆ సైట్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి. అప్పుడు మీకు రెండిట్లో ఒకటి జరుగుతుంది, పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది, లేదా `NET::ERR_CERT_COMMON_NAME_INVALID`, `NET::ERR_CERT_AUTHORITY_INVALID` లాంటి ఎర్ర వార్నింగ్ వస్తుంది. చాలాసార్లు ఇది దాడి కాదు, తెలివితక్కువ రౌటర్ అంతే. కానీ దాడి అయినా సరిగ్గా ఇలాగే కనపడుతుంది, మీరు అక్కడ నిలబడి తేడా చెప్పలేరు, అందుకే రూల్ ఒకటే: వార్నింగ్ దాటి ముందుకెళ్లొద్దు. Advanced నొక్కి Proceed అనడం అంటే సీల్ చింపిన కవర్‌ని పర్లేదులే అని తీసుకోవడమే. హెచ్‌ఎస్‌టీఎస్ ఉన్న సైట్లకి ఆ Proceed లింకే ఉండదు, బ్రౌజర్ మన చేతికి ఆ అవకాశం ఇవ్వదు, మంచిదే.

వార్నింగ్ వస్తే ఆ ట్యాబ్ మూసేసి అడ్రస్ బార్‌లో http://neverssl.com కొట్టండి. ఆ సైట్ పెట్టిందే ఈ పని కోసం, కావాలని హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఉంటుంది, రౌటర్ దాన్ని మళ్లించి లాగిన్ పేజీ చూపిస్తుంది. ఇందాక పెట్టుకున్న సెట్టింగ్ వల్ల బ్రౌజర్ ఇది సేఫ్ కాదు అని అడుగుతుంది, ఈ ఒక్క సైట్‌కి ఫర్లేదు అనొచ్చు, అక్కడ మనం ఏమీ టైప్ చేయట్లేదు కదా.

లాగిన్ పేజీ వచ్చింది, ఇప్పుడు అది ఏం అడుగుతోంది

ఇక్కడ ఆగి తీరిగ్గా చూడాలి. ఒక సీన్ అనుకుందాం, మీకు ఫ్లైట్ మారడానికి మూడు గంటలు టైం ఉంది, ఆఫీసుకి ఒక ఫైల్ పంపాలి, బ్యాంక్ యాప్‌లో ఒక పేమెంట్ చేయాలి. లిస్టులో Airport_Free_WiFi అని ఒకటి, Airport Free WiFi 5G అని ఇంకోటి ఉన్నాయి. గోడ మీద బోర్డు చూశారు, మొదటిది అని ఉంది, కనెక్ట్ అయ్యారు. బోర్డు చూడటం మంచిదే గానీ బోర్డు మీదున్న పేరుతోనే పక్క సీట్లో వాడూ పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడితో పని అయిపోలేదు.

పేజీ "రూల్స్ ఒప్పుకుంటున్నాను" అని టిక్ పెట్టమని మాత్రమే అంటే పెట్టేయండి, పోయేదేం లేదు.

ఈమెయిల్ అడిగితే అడ్రస్ ఇవ్వొచ్చు, ప్రకటనల కోసం పక్కన పెట్టుకున్న అడ్రస్ ఏదైనా ఉంటే అదే ఇవ్వండి. చాలా పేజీలు అది నిజమైన అడ్రసా కాదా అని కూడా చూడవు. కానీ ఈమెయిల్ కింద పాస్‌వర్డ్ బాక్స్ కూడా ఉంటే మాత్రం ఆగండి. ఆ పేజీ "కొత్త అకౌంట్ క్రియేట్ చేసుకో" అంటున్నా సరే, అలవాటులో మనం రోజూ వాడే పాస్‌వర్డే కొట్టేస్తాం, వాడికి కావాల్సింది అదే. ఫేస్‌బుక్‌తో, గూగుల్‌తో సైనిన్ అవ్వు అనే బటన్లైతే అసలు ముట్టుకోవద్దు. ఆ చిన్న విండోలో అడ్రస్ బార్ సరిగ్గా కనపడదు, మీ పాస్‌వర్డ్ మేనేజర్ పనిచేయకపోవచ్చు, మీ బ్రౌజర్ కుకీలు అందులో ఉండవు కాబట్టి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తుంది, అంటే నకిలీ ఫామ్‌కీ అసలు ఫామ్‌కీ తేడా చూపించే గుర్తులన్నీ అక్కడ మాయమైపోతాయి. పైన చెప్పిన కేస్‌లో జరిగింది ఇదే.

"ఆ పేజీకి తాళం గుర్తు ఉంది, హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా" అంటారేమో. ఉంటుంది. దొంగ కూడా తన సొంత డొమైన్‌కి ఫ్రీగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. హెచ్‌టీటీపీఎస్ చెప్పేది మీరు ఫలానా డొమైన్‌తోనే మాట్లాడుతున్నారని, మధ్యలో ఎవరూ వినట్లేదని, అంతవరకే. ఆ డొమైన్ ఓనర్ మంచోడా కాదా అనేది దాని పని కాదు. జనం తాళం చూసి తప్పుగా నమ్ముతున్నారనే క్రోమ్ వాళ్లు 2023లో అడ్రస్ బార్‌లో తాళం బొమ్మే తీసేసి వేరే ఐకాన్ పెట్టారు.

ఫోన్ నంబర్ అడిగి ఓటీపీ పంపుతామంటే ఇది కొంచెం చిక్కు, ఎందుకంటే చాలా నిజమైన వైఫైలు కూడా ఇలాగే అడుగుతాయి. ఇక్కడ మోసం ఎలా జరగొచ్చంటే, మీరు నంబర్ కొట్టగానే నకిలీ పేజీ వెనకున్నవాడు ఆ నంబర్‌తో వాట్సాప్ రిజిస్టర్ చేయడానికి ట్రై చేస్తాడు, మీకు 6 అంకెల కోడ్ వస్తుంది, మీరు వైఫై కోడ్ అనుకుని పేజీలో కొడతారు, మీ అకౌంట్ వాడి ఫోన్‌లోకి వెళ్లిపోతుంది. కాబట్టి నోటిఫికేషన్‌లో అంకెలు మాత్రమే చూసి కొట్టకుండా మెసేజ్ తెరిచి మొత్తం చదవండి, ఇది దేని కోడ్ అని అందులోనే రాసి ఉంటుంది. వైఫై పేరో వైఫై కంపెనీ పేరో కాకుండా ఇంకే యాప్ పేరున్నా ఆ కోడ్ కొట్టొద్దు, ఆ వైఫైని వదిలేయండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుని ఉంటే ఇలాంటప్పుడు ఇంకో అడ్డు ఉంటుంది.

హోటల్లో రూమ్ నంబరూ ఇంటిపేరూ అడగడం మామూలే, ఇవ్వొచ్చు. కార్డు పేమెంట్ అడిగితే ఆ చిన్న విండోలో కార్డు నంబర్ కొట్టొద్దు. మొబైల్ డేటా మీద ఆ కంపెనీ సైట్‌కి వెళ్లి ముందే పాస్ కొనుక్కునే వీలుంటే అది మేలు, లేకపోతే ఆ వైఫై లేకుండా గడిపేయడమే నయం.

ఇంక అన్నిటికంటే ప్రమాదమైనది, పేజీ మిమ్మల్ని ఏదైనా ఇన్‌స్టాల్ చేయమంటే. ఇందులో రెండు రకాలు. ఒకటి "మీ సాఫ్ట్‌వేర్ పాతది, అప్‌డేట్ చేస్తేనే నెట్ వస్తుంది" అనేది. డార్క్‌హోటల్ అని 2014 నవంబర్‌లో కాస్పర్‌స్కీ బయటపెట్టిన గ్యాంగ్ చేసింది ఇదే, హోటల్ వైఫైలో లాగిన్ అయిన పెద్ద పెద్ద కంపెనీల ఎగ్జిక్యూటివ్‌లని ఎంచుకుని ఫ్లాష్ లాంటి వాటికి అప్‌డేట్ వచ్చిందని చూపించి మాల్‌వేర్ ఎక్కించేవాళ్లు. ఇంట్లోనే అప్‌డేట్లు పూర్తి చేసుకోమన్నది అందుకే, అప్పుడు దారిలో ఎవరు అప్‌డేట్ అన్నా అబద్ధమని మీకు ముందే తెలిసి ఉంటుంది.

రెండోది "ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయండి", "ఈ ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయండి" అనేది. ఇది చాలామందికి మామూలు స్టెప్‌లా అనిపిస్తుంది. కానీ ఇంతసేపూ మనం నమ్ముకున్న హెచ్‌టీటీపీఎస్ మొత్తం నిలబడేది మీ ఫోన్ ఎవరెవరి సర్టిఫికెట్లని నమ్ముతుందో ఆ లిస్టు మీదే. అందులోకి వాడి రూట్ సర్టిఫికెట్ కూడా చేరి మీ ఫోన్ దాన్ని నమ్మడం మొదలుపెడితే, ఇక వాడు ఏ సైట్ పేరుతోనైనా సర్టిఫికెట్ తయారుచేసుకోవచ్చు, మీ బ్రౌజర్ ఎర్ర వార్నింగ్ ఇవ్వదు, అన్నీ పచ్చగా కనపడతాయి. ఆ వైఫై వదిలేసి ఇంటికొచ్చినా ఆ సర్టిఫికెట్ అలాగే ఉంటుంది. కొన్ని ఆఫీసులు, యూనివర్సిటీలు తమ వాళ్లకి ప్రొఫైల్ ఇస్తాయి, అది వేరే సంగతి. దారినపోయే ఫ్రీ వైఫై అడిగితే మాత్రం వెంటనే డిస్‌కనెక్ట్.

లాగిన్ అయింది, ఇప్పుడు వీపీఎన్

వీపీఎన్ లాగిన్ కంటే ముందు ఎందుకు ఆన్ చేయకూడదు అని అడుగుతారు. ఆన్ చేసినా కనెక్ట్ అవ్వదు, రౌటర్ బయటికి దారే ఇవ్వలేదు కదా ఇంకా. పైగా కిల్ స్విచ్ ఆన్‌లో ఉంటే ఇంకో తమాషా, వీపీఎన్ లేకుండా ఏదీ బయటికి వెళ్లకూడదని కిల్ స్విచ్ అడ్డుపడుతుంది, లాగిన్ అయితే గానీ వీపీఎన్ రాదు, వీపీఎన్ వస్తే గానీ లాగిన్ పేజీ రాదు. నేను ఒకసారి మీటింగ్ ముందు ఇరవై నిమిషాలు వైఫైని తిట్టుకుంటూ రీస్టార్ట్‌లు కొట్టాను, తప్పు నా సెట్టింగ్‌దే. ఇలా ఇరుక్కుంటే ముందు మిగతా యాప్‌లు మూసేసి, కిల్ స్విచ్ కాసేపు ఆపి, లాగిన్ అయి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి. ఆ ఒక్క నిమిషంలో వెనకాల మెయిల్, చాట్ యాప్‌లు ఏవో మాట్లాడుకుంటాయి గానీ అవి హెచ్‌టీటీపీఎస్ లాంటి ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు.

వీపీఎన్ కనెక్ట్ అవుతూ అవుతూ ఆగిపోతే చాలా మటుకు కారణం డేటా పంపే పద్ధతుల్లో ఒకటైన యూడీపీని ఆ నెట్‌వర్క్ బ్లాక్ చేయడం. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోటోకాల్ యూడీపీ మీదే నడుస్తుంది, యాప్‌లో ప్రోటోకాల్ మార్చి ఓపెన్‌వీపీఎన్ టీసీపీ, పోర్ట్ 443 పెట్టి చూడండి, అది మామూలు హెచ్‌టీటీపీఎస్ వెళ్లే పోర్టే కాబట్టి సాధారణంగా మూయరు. కొంచెం స్లో అవుతుంది.

కనెక్ట్ అయిందని యాప్ చెప్పింది సరే, నిజంగా వెళ్తోందా అనేది చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఈ రెండూ కొట్టండి, బయటికి కనపడే మీ ఐపీ అడ్రస్ చూపిస్తాయి:

```
curl -4 https://icanhazip.com
curl -6 https://icanhazip.com
```

ముందు 203.0.113.25 అని వచ్చింది, వీపీఎన్ తర్వాత 198.51.100.7 అని మారింది అనుకోండి, మొదటి లైన్ ఓకే. రెండో లైన్ కొత్త రకం ఐపీ అడ్రస్ అయిన ఐపీవీ6 కోసం, అక్కడ ఏ అడ్రస్సూ రాకుండా ఎర్రర్ వచ్చినా ఓకే, వీపీఎన్ అడ్రస్ వచ్చినా ఓకే. కానీ వీపీఎన్ ముందున్న పాత అడ్రస్సే మళ్లీ వచ్చిందంటే ఐపీవీ6 ట్రాఫిక్ వీపీఎన్ పక్కనుంచి జారిపోతోందని అర్థం, యాప్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 లీక్ ప్రొటెక్షన్ లాంటిది ఉందేమో చూసి ఆన్ చేయాలి. ఫోన్‌లో అయితే బ్రౌజర్‌లో అదే సైట్ తెరిచి అడ్రస్ మారిందో లేదో చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఏం మారింది? వైఫై ఓనర్‌కి ఇందాకటిదాకా సైట్ల పేర్లు కనపడేవి, ఇప్పుడు మీ డివైస్ ఒకే ఒక్క సర్వర్‌తో మాట్లాడుతున్నట్టు మాత్రమే కనపడుతుంది. పేరు బట్టి సైట్ బ్లాక్ చేయలేడు, డీఎన్‌ఎస్‌లో తప్పుడు అడ్రస్ ఇచ్చి పక్కదారి పట్టించలేడు, మిగిలిపోయిన హెచ్‌టీటీపీ సైట్లలో ఏదీ ఇరికించలేడు. అయితే ఇందాక వైఫై ఓనర్ చూసినవన్నీ ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది. చూసేవాడు మారాడంతే. ఏ డబ్బూ తీసుకోకుండా, ఎవరు నడుపుతున్నారో కూడా తెలియని ఫ్రీ వీపీఎన్ కంటే, హెచ్‌టీటీపీఎస్ మాత్రమే నమ్ముకుని వీపీఎన్ లేకుండా వాడటమే నయమని నా అభిప్రాయం. ఇక ఫిషింగ్ పేజీలో పాస్‌వర్డ్ కొడితే వీపీఎన్ దాన్ని చక్కగా ఎన్‌క్రిప్ట్ చేసి మరీ దొంగ ఇంటికి చేరుస్తుంది.

వీపీఎన్ మీద 2024 మేలో టన్నెల్‌విజన్ అని ఒక దాడి బయటికొచ్చింది, నంబర్ CVE-2024-3661. మీ డివైస్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీలో 121 అనే ఆప్షన్ ఉంది, దాంతో రౌటర్ "ఫలానా అడ్రస్సులకి ఈ దారిలో వెళ్లు" అని రూట్లు చెప్పొచ్చు. ఫేక్ వైఫై పెట్టినవాడు ఆ రూట్లని వీపీఎన్ రూట్ల కంటే ముందు పట్టేలా ఇస్తే ట్రాఫిక్ వీపీఎన్ సొరంగంలోకి వెళ్లకుండా బయటనుంచి పోతుంది, యాప్‌లో మాత్రం కనెక్టెడ్ అనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్‌ని పట్టించుకోదు కాబట్టి దానికి ఈ బాధ లేదు. మిగతావాటిలో ఫైర్‌వాల్ రూల్స్‌తో పనిచేసే కిల్ స్విచ్ ఉంటే ఆ ట్రాఫిక్ బయటికి పోకుండా ఆగిపోతుంది. ఇక్కడ కూడా లోపల హెచ్‌టీటీపీఎస్ సీల్ అలాగే ఉంటుంది, బయటపడేది మళ్లీ సైట్ల పేర్లే, మీ పాస్‌వర్డ్ కాదు. ఎక్కడికెళ్తున్నారో తెలిస్తేనే ప్రమాదమయ్యే పని చేసేవాళ్లు, జర్నలిస్టుల్లాంటివాళ్లు, పబ్లిక్ వైఫై జోలికెళ్లకుండా ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోవడం మంచిది.

మన సీన్‌లో ఆ రెండు పనులు

ఫైల్ పంపడం వైఫై మీద చేసేయొచ్చు, మెయిల్ అయినా క్లౌడ్ డ్రైవ్ అయినా హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్తుంది. లాగిన్ అడిగితే పాస్‌వర్డ్ మేనేజర్‌తోనే నింపనివ్వండి, అది నింపలేదంటే డొమైన్ తేడాగా ఉందని అనుమానించాలి, "ఇవాళ ఎందుకో పనిచేయట్లేదు" అని చేత్తో కాపీ పేస్ట్ చేయడమే తప్పు. పాస్‌వర్డ్ బదులు డివైస్‌లో ఉండే డిజిటల్ తాళంచెవితో లాగిన్ చేసే పాస్‌కీ పెట్టుకున్న అకౌంట్లకి ఆ బాధే లేదు, వేరే డొమైన్‌లో పాస్‌కీ అసలు పనిచేయదు.

బ్యాంక్ యాప్ మాత్రం నేనైతే మొబైల్ డేటాకి మారి వాడతాను. మంచి యాప్ సర్టిఫికెట్ సరిగ్గా చెక్ చేస్తుంది, కానీ యాప్‌కి అడ్రస్ బార్ ఉండదు, అది లోపల సరిగ్గా చెక్ చేస్తోందో లేదో బయటనుంచి మనకి తెలిసే దారి లేదు. వైఫైలో బ్యాంక్ యాప్ ఒక్కటే ఎర్రర్ ఇస్తూ మిగతావన్నీ పనిచేస్తుంటే మళ్లీ మళ్లీ ట్రై చేయకుండా డేటాకి మారండి, సర్టిఫికెట్ నచ్చక యాపే కనెక్షన్ తెంచేస్తూ ఉండొచ్చు. బ్యాంక్ పనికి పట్టే డేటా చాలా తక్కువ, రోమింగ్‌లో ఉన్నా భరించొచ్చు.

ల్యాప్‌టాప్ విండోస్ అయితే ఆ నెట్‌వర్క్‌ని Public network గానే ఉంచండి, Private అని పెడితే పక్కనున్న డివైసులకి మీ ల్యాప్‌టాప్ కనపడేలా తలుపు తెరిచినట్టే.

వెళ్లిపోయేటప్పుడు

చాలామంది మర్చిపోయేది ఇదే. మీ ఫోన్ ఒకసారి కనెక్ట్ అయిన ఓపెన్ వైఫై పేరుని గుర్తుపెట్టుకుని, అదే పేరు మళ్లీ ఎక్కడ కనపడినా జేబులో ఉండగానే కనెక్ట్ అయిపోతుంది. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ కాబట్టి పేరు కలిస్తే చాలు. ఆరు నెలల తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకెవడో ఆ పేరుతో వైఫై పెడితే మీకు తెలియకుండానే లోపలికి వెళ్లిపోతారు. అందుకే బోర్డింగ్‌కి లేచే ముందు ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ మీద Forget నొక్కండి. మళ్లీ అదే దారిలో వస్తాం అనుకుంటే కనీసం ఆటో కనెక్ట్ ఆపేయండి. విండోస్‌లో ఇన్నాళ్లూ పోగైనవన్నీ ఒకేసారి చూడాలంటే:

```
netsh wlan show profiles
netsh wlan delete profile name="Airport_Free_WiFi"
```

మొదటిసారి ఆ లిస్టు చూసుకున్నప్పుడు నా ల్యాప్‌టాప్‌లో నలభైకి పైగా ఉన్నాయి, అందులో సగం ఎక్కడివో నాకే గుర్తులేదు.